ప్రేమదాసు నోట ఆదెమ్మ మాట

మా పాలెంలో ఇంగ్లీషు వచ్చినవాడు ప్రేమదాసు ఒక్కడే. చదివింది ఐదో తరగతి. వాళ్ల నాన్న మిషను బంగళాలో వంటవాడు కాబట్టి, దొరల పిల్లలతో ఆడుకుంటూ ఆ భాష పట్టేశాడు. పెద్దయ్యాక పత్తిచేలకు మందు కొట్టే కూలికి పోయేవాడు. మిషను మీటింగులప్పుడు మాత్రం తెల్లచొక్కా తొడుక్కుని దొరల పక్కన నిలబడి, వాళ్ల మాటలు తెలుగులో చెప్పేవాడు.

అప్పుడు చూడాలి ఆయన్ని. దొర ‘రండి’ అని ఒక్కమాట అంటే, ఈయన ‘రండి రండి, తొందర తొందరగా రండి’ అని కేకేసేవాడు. దొర ‘ఆకలిగా ఉన్నారు’ అంటే, ‘తిండీ తిప్పలూ లేక చిన్నచిన్న బిడ్డలు మలమల మాడిపోతున్నారు’ అనేవాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. ఏ దొర వచ్చినా ప్రసంగం మాత్రం ప్రేమదాసుదే అని మేం నవ్వుకునేవాళ్లం.

ఇంగ్లీషులోంచి తెలుగులోకి తేవడంలో ఆయనకు తిరుగులేదు. తెలుగులోంచి అటు తీసుకుపోవాల్సిన అవసరం అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

మాది కనిగిరి వైపు మెట్ట. మిషను వాళ్ల చిన్న ఆసుపత్రి, అందులో కాన్పులు చేసే నర్సు రెబ్కమ్మ, అంతే మాకు దిక్కు. ఎనభై నాలుగులో దాన్ని మూసేస్తారని కబురొచ్చింది. చూసి పోవడానికి ఒక దొరసాని వచ్చింది. అందరి తరఫునా ఆదెమ్మ మాట్లాడాలనుకున్నాం. రెబ్కమ్మ రాకముందు ఆదెమ్మ పెద్దకోడలు కాన్పులో చనిపోయింది. ఇప్పుడు చిన్నకోడలికి నెలలు నిండాయి.

మిరపకాయలు ఎండబోసిన కళ్లం పక్కన దొరసానికి కుర్చీ వేశాం. ఆదెమ్మ కొంగు బిగించింది.

“అమ్మా, మాకు బస్సూ లేదు గిస్సూ లేదు. డాక్టరూ లేడు గీక్టరూ లేడు. నొప్పులొస్తే మంచం మీద మోసకపోవాల. గబగబా నడిస్తే మంచం ఊగిపోయిద్ది. మెల్లమెల్లగా నడిస్తే పిల్ల పోయిద్ది. మా పెద్దకోడల్ని మోశారమ్మా, నడిచి నడిచి నడిచి... కనిగిరి కనపడతానే పోయింది.”

‘గీక్టరు’ దగ్గర ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆ వెంటనే అందరి కళ్లల్లో నీళ్లు.

ప్రేమదాసు గొంతు సవరించుకుని ఇంగ్లీషులో చెప్పాడు. బస్సు లేదట, డాక్టరు లేడట, కోడలు పోయిందట. అంతే, అయిపోయింది.

దొరసాని వింతగా చూసి ఏదో అడిగింది.

“అంతసేపు మాట్లాడితే ఇంతేనా, మధ్యలో ఎందుకు నవ్వారు అంటంది,” అన్నాడు ప్రేమదాసు, చెమట తుడుచుకుంటూ.

“చెప్పు మరి! గిస్సు ఏదీ? దాన్నెక్కడ పారేశావు?” అంది ఆదెమ్మ.

“ఇంగ్లీషులో గిస్సు లేదు ఆదెమ్మా.”

అయినా మళ్లీ మొదలుపెట్టాడు, ఏమేం అన్నాడో తర్వాత తనే మాకు చెప్పాడు. ముందు ‘బస్ గస్’ అన్నాడు. గస్ అంటే ఏం బండి అని దొరసాని అడిగింది. ‘బస్సులాంటిది ఏదీ లేదు’ అని వాళ్ల మాటల్లో మార్చాడు. అర్థం సరిపోయింది గానీ, ఆదెమ్మ చెయ్యి విసిరి అన్న ఆ కసి పోయింది. ‘నో బస్, నో నథింగ్’ అన్నాడు. అది కాస్త దగ్గరికొచ్చింది, కానీ ఆయన ఇంగ్లీషు తప్పిందనుకుని దొరసాని ముసిముసిగా నవ్వింది. ‘స్లోలీ స్లోలీ’ అంటే చిన్నపిల్లల మాటలా వినబడింది.

చివరికి ‘దే వాక్డ్, అండ్ వాక్డ్, అండ్ వాక్డ్’ అన్నాడు, ఒక్కోమాటకీ ఆగి. అప్పుడు మాత్రం దొరసాని నవ్వు ఆగిపోయింది. ఆదెమ్మ చెయ్యి పట్టుకుంది. ఒక్క ముక్క దాటింది అవతలికి.

మేమంతా ఆశగా చూశాం. ఆమె చాలాసేపు మెత్తగా మాట్లాడింది. ప్రేమదాసు తల దించుకుని విన్నాడు.

“చాలా బాధగా ఉందంట. డబ్బులిచ్చేవాళ్లు ముందే తీర్మానం చేశారంట. ఈమె చేతిలో లేదంట. అప్పుడప్పుడు వ్యాను పంపిస్తారంట.”

“ఎప్పుడెప్పుడు?” అంది ఆదెమ్మ.

ఆయన అడిగాడు. “వీలైనప్పుడంట.”

“అప్పుడప్పుడు వచ్చే వ్యాను సంగతి నొప్పులకు తెలిసిద్దా? అడుగు ప్రేమదాసూ.”

ఆయన నోరు తెరిచాడు. కానీ దొరసాని అప్పటికే లేచి కారు వైపు నడుస్తోంది.

“మీటింగుల్లో వాళ్లది పిసరంత ఉంటే గంపెడు చేసి మాకు పోస్తివే. నా గంపెడు పిసరంత ఎట్టా అయిందయ్యా?” అంది ఆదెమ్మ.

“నీ మాట నువ్వే మాట్లాడితే ఏడ్చేదమ్మా ఆమె. నా నోట్లో పడ్డావు,” అన్నాడు ప్రేమదాసు. ఆయన కళ్లు ఎర్రెర్రగా ఉన్నాయి. మిరపఘాటు అన్నాం మేం, ఇంకేం అనాలో తెలియక.

ఆ తర్వాత కూడా మీటింగులకు పిలిచారు. వెళ్లాడు. దొర ‘రండి’ అంటే, ‘రండి’ అని ఊరుకున్నాడు.

దొరసాని వెళ్లిన ఆ సాయంత్రమే ఆదెమ్మ చిన్నకోడలికని ఇంట్లోంచి మంచం బయటికి లాగింది. నులక వదులైంది. ప్రేమదాసు ఒకవైపు కాలు తన్నిపెట్టి లాగుతుంటే, ఆమె రెండోవైపు బిగించింది.