తిరుగు వరస లేని పిన్ని

ఆ ఇంట్లో ఆమెను అందరూ పిన్ని అనే పిలుస్తారు. అమ్మగారికీ పిన్నే, అయ్యగారికీ పిన్నే, వాళ్ల ఇద్దరు పిల్లలకీ పిన్నే. కుళాయి బాగుచెయ్యడానికి వచ్చేవాడు కూడా తలుపు తట్టి "పిన్నిగారూ" అంటాడు. పెద్ద పిల్లాడు చంకన ఉన్నప్పుడు ఆమె ఆ గుమ్మం తొక్కింది. ఇప్పుడు వాడు అద్దం ముందు నిలబడి మీసం దువ్వుకుంటున్నాడు. ఇన్నేళ్లలో ఆ పిలుపులో ఉన్న చిన్న లోటు ఎవరికీ తట్టలేదు. వాళ్లు ఆమెకో వరస ఇచ్చారు గానీ తిరుగు వరస ఇవ్వలేదు. "పిన్నీ, కాఫీ" అని కేక పడితే "ఇదిగో అమ్మాయీ" అని ఆమె అనకూడదు. "తెస్తున్నానమ్మగారూ" అనాలి. ఆ చుట్టరికం వంటగది గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయేది.

దీనికి తోడు "నువ్వు మా ఇంటి మనిషివి" అనే మాట ఒకటి. అమ్మగారు దాన్ని పట్టుచీరలాగా దాచుకుని అవసరం పడ్డప్పుడే బయటికి తీసేవారు. జీతం పెంచమని అడిగితే, "ఇంటి మనిషివి, మన మధ్య డబ్బు మాటలేంటి పిన్నీ?" అనేవారు. నడుం పట్టేసిందంటే, "ఇంటి మనిషివి గనక చెప్తున్నా, పడుకుంటే ఇంకా పట్టేస్తుంది, లేచి నాలుగు గిన్నెలు కడుగు, అదే సర్దుకుంటుంది" అనేవారు. ఆ ఇంటి గోడ మీద కుటుంబం ఫోటోలు బోలెడు. ఒక్కదాంట్లోనూ పిన్ని లేదు. ఎందుకు లేదంటే, కాస్త పక్కకి జరగండి, నవ్వండి అంటూ ఆ ఫోటోలన్నీ తీసింది ఆమే.

ఆమెకిచ్చిన గది వంటింటి పక్కన సామాన్ల గది. ఇస్త్రీ బల్ల, విరిగిన సూట్‌కేసు, అమ్మగారు రెండు రోజులు తొక్కి మానేసిన వ్యాయామం సైకిలు, వీటి మధ్య ఆమె చాప. తలుపుకి గడియ లేదు. పెట్టించమని ఒకసారి అడిగింది. "ఇంటి మనుషుల మధ్య గడియలేంటి పిన్నీ!" అని అమ్మగారు నొచ్చుకున్నారు. అమ్మగారి పడకగదికి మాత్రం రెండు గడియలుండేవి.

అయ్యగారు ఓ పెద్ద కంపెనీలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే అధికారి. ఎవరికెన్ని సెలవులున్నాయో, ఎవర్ని తీసెయ్యాలంటే ఎన్నాళ్ల ముందు నోటీసివ్వాలో ఆయనకి కొట్టిన పిండి. సాయంత్రం ఇంటికొచ్చి, పిన్ని అందించిన మంచినీళ్లు తాగుతూ, "ఇవాళ ఓ మేనేజరు కుర్రదాన్ని ఆదివారం పనికి పిలిచాడు, బాగా గడ్డిపెట్టాను" అని గొప్పగా చెప్పుకునేవారు. అప్పుడు పిన్ని కూడా మెచ్చుకోలుగా తలూపేది. తను కూడా ఆదివారం పనిచేస్తోందని ఆయనకీ తట్టలేదు, నిజం చెప్పాలంటే ఆమెకీ తట్టలేదు.

తట్టించింది కింది అంతస్తులో వంట చేసే ఆవిడ. ఇళ్లల్లో పనిచేసేవాళ్ల సంఘంలో ఉంటుంది గనక అందరూ ఆవిడ్ని సంఘం అక్క అంటారు. బట్టలారేసే డాబా మీద ఒకరోజు తడి దుప్పటి అటు కొస ఆవిడా, ఇటు కొస ఈవిడా పట్టుకుని పిండుతుండగా సంఘం అక్క అడిగింది.

"నీకు సెలవెప్పుడే?"

"దేనికి?"

"దేనికేంటే! వారానికో రోజు. పగలూ రాత్రీ కలిపి ఒక్కముక్కగా. చట్టంలో ఉంది. పనేంటో, జీతమెంతో, పని గంటలెన్నో కాగితం మీద రాసివ్వాలి. తీసెయ్యాలంటే కారణం చెప్పాలి, నెల ముందు చెప్పాలి, లేదా ఆ నెల జీతం చేతిలో పెట్టాలి."

పిన్ని పకపకా నవ్వింది. "మా ఇంట్లో అవన్నీ ఎందుకక్కా? నేను ఇంటి మనిషిని."

"ఓహో! అయితే ఇవాళ టేబుల్ దగ్గర నీ కుర్చీ ఏది?"

పిన్ని నవ్వు ఆగిపోయింది. తర్వాత దుప్పటిని అవసరానికి మించి పిండింది.

ఆ వారమంతా ఆలోచించి, భోజనాలయ్యాక కంచాలు తీస్తూ అడిగేసింది. "అయ్యగారూ, నాకో కాగితం రాసివ్వండి. వారానికో రోజు సెలవు కూడా."

ఇంట్లో ఎవరో పోయినట్టు అమ్మగారి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "కన్నకూతురు తల్లిని రసీదు అడిగినట్టుంది పిన్నీ!" అన్నారు. పిన్నీ అని పిలుస్తూనే ఆవిడ తల్లెలా అయ్యారో, పిన్ని కూతురెలా అయిందో ఎవరూ అడగలేదు.

అయ్యగారు మాత్రం తర్కానికి దిగారు. "ఇల్లు ఆఫీసు కాదు పిన్నీ. పైగా ఆదివారం అందరం ఇంట్లోనే ఉంటాం, నీతో పని ఉండేదే ఆ రోజు. అసలు సెలవు తీసుకుని ఏం చేస్తావ్?"

"ఏం చెయ్యనండి."

"మరి ఏమీ చెయ్యనిదానికి సెలవెందుకు?"

"అందుకేనండి."

ఈ జవాబు ఆయన కంపెనీలో ఎవరూ చెప్పినట్టు లేదు. ఆయన మజ్జిగ తాగి లేచిపోయారు.

శనివారం పిన్ని మళ్లీ చెప్పింది. ఎవరూ అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆదివారం పొద్దున్నే ఆమె ఉతికిన చీర కట్టుకుని సంఘం అక్క గదికి వెళ్లి, మధ్యాహ్నం దాకా గుర్రు పెట్టి నిద్రపోయింది. లేచి, తన కోసం వేరేవాళ్లు పెట్టిన కాఫీ తాగింది. మొదటి గుక్కకి ఏదో తప్పు చేస్తున్నట్టనిపించింది, రెండో గుక్కకి పోయింది.

సోమవారం పొద్దున వెళ్లేసరికి ఆమె బట్టల మూట గేటు దగ్గర కాపలాదారు కుర్చీ పక్కన ఉంది. "పైకి రానివ్వద్దన్నారు పిన్నిగారూ" అన్నాడు అతను, తలెత్తకుండా. అదీ సంగతి! చంకనెత్తుకుని పెంచిన ఇల్లు, ఒక్క నిద్రకి బయటికి తోసేసింది. పనీ పోయింది, తలదాచుకునే చోటూ పోయింది. మూట ముడి కూడా ఆమె వేసే ముడిలా లేదు. ఎవరో హడావుడిగా వేశారు. ఆమెకి ఏడుపు రాలేదు గానీ ఒళ్లు మండిపోయింది.

సంఘం అక్క ఆమెను చెయ్యి పట్టుకుని కార్మిక శాఖ ఆఫీసుకి తీసుకెళ్లింది. ఫిర్యాదు రాయించారు. నోటీసు వెళ్లింది. అయ్యగారి నుంచి జవాబొచ్చింది: ఆవిడ పనివారు కానే కారు, కుటుంబ సభ్యురాలు, అభిమానంతో తిండీ బట్టా చేతిఖర్చూ ఇచ్చాం, కాబట్టి ఈ చట్టం మాకు వర్తించదు. అక్కడితో ఆపితే బాగుండేది. అలవాటైన చెయ్యి కదా, చివర్లో "అనుమతి లేకుండా విధులకు గైర్హాజరైనందున" అని కూడా రాసేశారు.

విచారణ రోజు ఇరుకు గదిలో అందరూ కూర్చున్నారు. ఫ్యాను తిరగాలా వద్దా అన్నట్టు తిరుగుతోంది. కార్మిక అధికారి నిద్రకళ్ల మనిషి. ఆ జవాబు రెండుసార్లు చదివి అడిగారు.

"కుటుంబ సభ్యురాలు ఆదివారం బయటికెళ్తే గైర్హాజరంటారాండీ?"

"అది... మాటవరసకి రాశాను" అన్నారు అయ్యగారు.

"సరే, వరస దగ్గరికే వద్దాం. ఆవిడ మీకేమవుతారు?"

"పిన్ని."

"మీ అమ్మగారి చెల్లెలా?"

"అలాంటిదే అనుకోండి."

"అనుకుంటే కుదరదండీ, రాసుకోవాలి." అధికారి అమ్మగారి వైపు తిరిగారు. "మీకేమవుతారమ్మా?"

అమ్మగారు భర్త చెప్పిన పాఠం అప్పజెప్పారు. "నాకూ పిన్నేనండీ. సొంత పిన్ని కన్నా ఎక్కువ."

అధికారి పెన్ను ఆగింది. "ఇద్దరికీ పిన్నేనా? అయితే వీరి అమ్మగారూ మీ అమ్మగారూ అక్కచెల్లెళ్లన్నమాట." ఆయన నిద్రకళ్లు మొదటిసారి పూర్తిగా తెరుచుకున్నాయి. "అక్కచెల్లెళ్ల పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు?"

అంతవరకూ తలొంచుకు కూర్చున్న పిన్ని, తెలిసిన సంగతి గనక చెప్పేసింది. "అన్నాచెల్లెళ్లవుతారు బాబూ."

సంఘం అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. అయ్యగారు ఫ్యాను వైపు చూశారు. అమ్మగారు మాత్రం కుర్చీలోంచి లేచిపోయారు.

"ఛీ ఛీ! ఏం మాటలండీ అవి! ఆవిడ మాకేమీ కాదు! చుట్టమూ కాదు, పక్కమూ కాదు. పనిమనిషి! ఉత్త పనిమనిషి!"

"పనిమనిషి" అని అధికారి నిదానంగా రాసుకున్నారు. "ఈ ముక్క ముందే చెబితే అందరికీ ఓ పూట మిగిలేది."

గెలుపంటే అదే. సంఘం అక్క ఆమె మోచేతిని పొడిచింది కూడా. కానీ పిన్నికి లోపల ఎక్కడో కలుక్కుమంది. వాళ్లు కొన్నేళ్లుగా ఆడుతున్నది అబద్ధమని తెలుసు. అయినా దాన్ని కొంచెం కొంచెంగా నమ్ముతూ వచ్చింది ఆమె ఒక్కతేనని ఆ గదిలో తెలిసింది. చిన్నాడికి జ్వరమొచ్చినప్పుడు ఒళ్లో పడుకోబెట్టుకున్నది ఉత్త పనిమనిషి కాదని ఎవరికి చెప్పుకోవాలి? చెప్తే కేసు పోతుంది.

అధికారి మిగతాది వివరించారు. "తీర్పు చెప్పడం నా పని కాదు. రాజీ కుదర్చడమే. కుదరకపోతే కుదరలేదని రాసి కోర్టుకి పంపుతాను. ఈ పిన్ని సంగతి అక్కడ ప్రమాణం చేసి చెప్పాల్సి ఉంటుంది."

ప్రమాణం అన్న మాటకి అయ్యగారు దిగొచ్చారు. పనిలోకి తిరిగి తీసుకోవాలి, పోయిన రోజుల జీతం ఇవ్వాలి, షరతులు రాసి ఇద్దరూ సంతకాలు చెయ్యాలి అని ఒప్పుకున్నారు. పని గంటలు రాశారు. ఆదివారం సెలవు రాశారు. కారణం లేకుండా తియ్యకూడదనీ, తీస్తే నెల నోటీసనీ రాశారు. ఇంకేమైనా ఉందా అని అధికారి అడిగితే పిన్ని రెండు చెప్పింది. "సెలవు రోజు నేను ఇంట్లోనే ఉన్నా పిలవకూడదు బాబూ. నా తలుపుకి గడియ కావాలి."

"గడియ కూడానా!" అన్నారు అమ్మగారు.

"పనిమనిషిని కదమ్మగారూ" అంది పిన్ని.

గడియ వచ్చింది. ఇల్లు కొన్నాళ్లు మూతి ముడుచుకుంది. అమ్మగారు "ఏమండీ" అనీ, "ఇదిగో" అనీ, కొన్నిసార్లు గోడలకీ పని చెప్పారు. అయ్యగారు పని గంటలు దాటగానే చేతి గడియారం చూసి, ఎంతో ఉదారంగా, "ఇక చాలు" అనేవారు. అప్పటికి గిన్నెలన్నీ అయిపోయి ఉండేవి.

మొదటి ఆదివారం పిన్ని ఎక్కడికీ వెళ్లలేదు. గడియ వేసుకుని చాప మీద వెల్లకిలా పడుకుని, ఏమీ చెయ్యకుండా ఉంది. అవతల డబ్బాల మూతలు ఒక్కొక్కటీ తెరుచుకుంటున్నాయి. "ఇదా?" "కాదు, ఇది జీలకర్ర." "మరి ఇది?" ఏదో కింద పడి దొర్లింది. కాఫీపొడి పై అరలో, పంచదార డబ్బా వెనకాల ఉంది. ఆ మాట ఆమె నాలుక చివర దాకా వచ్చింది. ఇన్నేళ్ల అలవాటు, చెప్పేస్తే ప్రాణం హాయిగా ఉండేది. రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది.

చివరికి తలుపు మీద చిన్న చప్పుడైంది. ఆ తర్వాత, అన్నాళ్లకి మళ్లీ అమ్మగారి నోట ఆ పిలుపు, తేనెలో ముంచి తీసినట్టు.

"పిన్నీ, కాఫీపొడి ఎక్కడుందమ్మా?"

పిన్ని నోటి మీంచి చేతులు తీసింది.

"రేపు చెప్తానే అమ్మాయీ."