బొద్దింకలకో మర్యాద మాట

మా ఆఫీసుకు ఫోన్ చేసే ఆడవాళ్లెవరూ ముందుగా బొద్దింకల మాట ఎత్తేవాళ్లు కాదు. "మా ఇల్లు చాలా నీట్‌గా ఉంటుందండీ" అని మొదలుపెట్టేవాళ్లు. రోజూ తుడుస్తామనీ, ఎంగిలి గిన్నె ఒక్కటి కూడా సింకులో ఉండదనీ చెప్పేవాళ్లు. నేను ఊఁ కొడుతూ ఉండేదాన్ని. అంతా అయ్యాక గొంతు తగ్గించి, "పక్కింటి వాళ్లవి మా ఇంట్లోకి వస్తున్నాయి" అనేవాళ్లు. ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట, "మీ బండి మా గేటు ముందు మాత్రం ఆపొద్దు."

ఆ బండిని చూస్తే నేనైనా అదే మాట అనేదాన్ని. దాని మీద మా మేనమామ వెల్లకిలా పడ్డ బొద్దింక బొమ్మ ఒకటి వేయించాడు. చిన్నదా చితకదా, కుక్కపిల్లంత ఉండేది. దాని కింద ఎర్రక్షరాలతో, "ఛీ! మీ ఇంట్లో బొద్దింకలా? మేమున్నాం కదా!" అని స్వయంగా ఆయన రాసిన మాట. దాన్ని చూసుకుని ఆయన మురిసిపోయేవాడు. మా దగ్గర మందు పెట్టే అన్న మాత్రం ఆ బండిని సందు చివరే ఆపి, సామాను సంచిలో వేసుకుని నడిచి వెళ్లేవాడు. గ్యాస్ పొయ్యి బాగుచేసేవాడని పక్కింట్లో చెప్పుకున్న ఇళ్లు కూడా ఉన్నాయి.

నాచారంలో ఒక వెల్డింగ్ షాపు మీద ఉండేది మా ఆఫీసు. ఒకటే గది, ఒకటే కిటికీ. ఆ కిటికీ తెరిస్తే ఫ్యాక్టరీ గోడ. పక్క మూలలో మందు డబ్బాలు. సాయంత్రానికి అన్నం తిన్నా ఆ వాసనే, నీళ్లు తాగినా ఆ వాసనే. మామకు ఇంతకు ముందు రెండు మందుల ఫ్యాక్టరీల్లో పురుగుల మందు కొట్టే పని ఉండేది. దాన్ని ఓ పెద్ద కంపెనీ తన్నుకుపోయాక, ఇళ్ల మీద బతకాల్సిన పరిస్థితి వచ్చింది. ఫ్యాక్టరీల వాళ్లతో గట్టిగా మాట్లాడితే సరిపోయేది. ఇళ్లలో ఆడవాళ్లతో ఎలా మాట్లాడాలో ఆయనకు తెలియదు. అందుకని బీఎడ్ చదవడానికి జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఉప్పల్లో తన ఇంట్లోనే ఉంటున్న నన్ను ఫోన్ దగ్గర కూర్చోబెట్టాడు. పది రోజులన్నాడు. పరీక్షలు అయిపోయి, ఫలితాలు వచ్చినా ఆ పది రోజులు అవలేదు.

ఆ ఎండాకాలం దమ్మాయిగూడలో ఒక చిన్న బడి వాళ్లు నన్ను తెలుగు టీచర్‌గా తీసుకుంటామన్నారు. జూన్‌లో బడి తెరిచే రోజు రమ్మన్నారు. నాకు కావలసింది అదొక్కటే. ఎదురుగా గోడ కాకుండా పిల్లలుండే గది. మామకు చెప్పాను. ఆయన వద్దనలేదు.

"ఒక్క అపార్ట్‌మెంట్ ఏడాది కాంట్రాక్టు పడనియ్యి బిడ్డా. నిన్ను నేనే బస్సెక్కిస్త" అన్నాడు.

వద్దన్న మనిషితో పోట్లాడవచ్చు. ఇంత ప్రేమగా చెప్పిన వాడితో ఏం పోట్లాడతాం? అత్త నా కోసం రోజూ టిఫిన్ డబ్బా కట్టి ఇచ్చేది, అందులో పచ్చిపులుసు విడిగా చిన్న గిన్నెలో పెట్టేది. ఆ డబ్బా పట్టుకుని ఉప్పల్ రింగు రోడ్డులో మెట్రో రైలు కోసం తవ్విన గుంతల పక్క నుంచి ఆటో కోసం నడుస్తూ, కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా బతుకు అనుకునేదాన్ని. పైకి రాలేను, అందులో ఉండలేను. మా అమ్మకు ఫోన్ చేస్తే, "మామ మాట కాదంటవా? ఏమనుకుంటడు" అనేది. అక్కడితో ఆ దారి కూడా మూసుకుపోయేది.

అయితే కాంట్రాక్టు నేనే తెస్తాననుకున్నాను. ముందు ఆ 'ఛీ' పోవాలి. మనిషి ముఖం మీద ఛీ అని, మళ్లీ తలుపు తీయమంటే ఎవరు తీస్తారు? నవ్వించాలి, కానీ ఆ నవ్వు ఇంటావిడ మీద పడకూడదు. మధ్యాహ్నాలు ఫోన్ మోగనప్పుడు మాటలు అల్లేదాన్ని.

"పిలవని చుట్టాలను మర్యాదగా సాగనంపుతాం" అని రాసి ఇంట్లో చూపించాను. అత్త గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది.

"ఏంది గిది? మా అన్న నెలకోసారి పిలవకుంటనే వస్తడు. గిది ఆయన కండ్లబడితే మళ్ల మా గడప తొక్కుతడా?"

"మీరు నిద్రపోండి, మేం చూసుకుంటాం" అని ఇంకోటి రాశాను. మామ పెదవి విరిచాడు. "గిది వాచ్‌మన్ డ్యూటీ లెక్కుంది" అన్నాడు.

అప్పుడు నాకు ఆఫీసుకొచ్చే ఫోన్లే గుర్తొచ్చాయి. చేసిన ప్రతి ఆవిడా ఒకటే మాట అంటోంది కదా, ఆ మాటే ముందుగా మనమే అనేస్తే సరి. "అవి మీవి కావు. పక్కింటివే!" అని రాశాను. మామ చదివి, తొడ చరిచి మరీ నవ్వాడు. "శభాష్ బిడ్డా! గిదీ మాటంటే!"

మర్నాటికల్లా గులాబీ రంగు కరపత్రాలు వచ్చాయి. ఉప్పల్ డిపో వెనక నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ ఒకటి చూసుకుని, అన్న అన్ని తలుపుల కిందా తోసి వచ్చాడు. అన్ని తలుపుల కిందా ఒకటే కాగితం పడితే ఏమవుతుందో మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. ఎవరి పక్కింటి వాళ్లు వాళ్లకు కనబడ్డారు గాని, తామూ ఒకరికి పక్కింటి వాళ్లమేనని ఎవరికి గుర్తుంటుంది?

మొదటి రోజు ఫోన్లు బాగానే వచ్చాయి. రెండో రోజు ఆ అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు చేశారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే రిటైరైన లెక్కల మాస్టారు. "మీ ఓనర్ని తీసుకుని వెంటనే రండమ్మా. మా వాళ్లు కొట్టుకునేట్టున్నారు" అన్నారు.

వెళ్లేసరికి సెల్లార్‌లో ఆడవాళ్లంతా చేరి ఉన్నారు. రెండో అంతస్తులో ఒకావిడ మా కాగితాన్ని పక్క ఫ్లాట్ తలుపుకు అతికించిందట. ఆ పక్కావిడ తనకొచ్చిన కాగితాన్ని తెచ్చి ఈవిడ తలుపుకు అతికించిందట. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు.

"మా వంటిల్లు అద్దంలా ఉంటుంది. కావాలంటే వచ్చి చూసుకోండి!" అంటోంది ఒకావిడ.

"మేం మురికోళ్లమా? ఎవల్ని అంటున్నవ్ జర సూసుకో!" అంటోంది రెండో ఆవిడ.

మామ నా వైపు చూశాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, నా వెనక్కి జరిగి నిలబడ్డాడు. అందరి కళ్లూ నా మీద పడ్డాయి. ముందు వాళ్లు, వెనక మామ, పక్కన కార్లు. పారిపోదామన్నా సందు లేదు. నాకు ఏడుపు రావలసింది, కోపం వచ్చింది. ఈ కాంట్రాక్టు పోయింది, నా జూన్ పోయింది, ఇక మర్యాద దేనికి అనిపించింది.

"అవి ఎవరివీ కావమ్మా!" అని అరిచేశాను. "మీ అందరి వంటిళ్ల పైపులు ఒకదాన్లకే కలుస్తయి. దాంట్లకెళ్లి పైకొస్తయి, కిందికి పోతయి. ఎంత తుడిచినా వస్తయి. ఏ ఇంట్ల వంట కమ్మగుంటే ఆ ఇంట్లకు పోతయి!"

వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. అద్దంలాంటి వంటిల్లు గలావిడ, "మా ఇంట్లోనూ నాలుగైదు ఉన్నాయిలెండి, అబద్ధమెందుకు. మావారికి గుత్తొంకాయ రోజూ ఉండాలి" అంది.

"నాలుగైదేనా? మా ఇంట్ల మస్తున్నయ్. మటన్ వండిన్నాడు సూడాలె" అంది రెండో ఆవిడ.

మూడో అంతస్తు ఆవిడ తమ ఇంట్లో మొన్నే చూశానంది. ఇంకొకావిడ సాంబారు పెట్టిన రోజు సింకు దగ్గరే తిరుగుతాయంది. తమ ఇంట్లో లేవన్న ఆవిడ ఒక్కతే మిగిలింది. అందరూ ఆవిడ వైపు జాలిగా చూశారు. ఆవిడ ముఖం ఎర్రబడి, "అంటే... వెతకలేదు, ఉండే ఉంటాయి" అంది. లెక్కల మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వారు. ఆ సాయంత్రమే అన్ని ఫ్లాట్లకూ కలిపి ఏడాది పని మాకు రాసిచ్చారు.

పని కూడా బాగా జరిగింది. అలమరల మూలల్లో, తలుపుల మడత బందుల దగ్గర, ఫ్రిజ్ వెనక, అన్న ఆవగింజంత మందు జెల్ చుక్కలు పెట్టాడు. సామాను తీయక్కర్లేదు, వాసన రాదు. ఆ చుక్కల్ని తుడవొద్దనీ, వాటి మీద స్ప్రే కొడితే బొద్దింకలు తినడం మానేస్తాయనీ, మొదటి రోజుల్లో చచ్చేవి బయట ఎక్కువగా కనబడితే కంగారు పడొద్దనీ ఇంటింటికీ నేనే చెప్పాను. నీళ్లు పోయే చోట జాలీలు వేయించమన్నాను. అన్ని ఇళ్లకూ ఒకేసారి పెట్టాం కాబట్టి ఒకింట్లోంచి ఇంకో ఇంట్లోకి పోవడానికి వాటికి చోటు లేకపోయింది.

మామ బండి మీది బొద్దింకను చెరిపించాడు. దాని చోట పొగలు కక్కే గిన్నె బొమ్మ వేయించి, కింద నా మాట రాయించాడు: "వంట కమ్మగా ఉన్న ఇంటికే వస్తాయి. మర్యాదగా మేం పంపిస్తాం." ఇప్పుడు బండిని గేటు ముందే ఆపమనేవాళ్లు. పక్కింటి వాళ్లు చూస్తే చూడనీ అనేవాళ్లు.

బడి తెరిచే ముందటి వారం, ఆఫీసులో మామకు తన మాట గుర్తుచేశాను.

ఆయన కోప్పడలేదు. కాసేపు బల్ల మీద వేలితో గీతలు గీశాడు. "పో బిడ్డా. మాటంటే మాటే. ఎవలాపుతున్నరు నిన్ను?" అన్నాడు.

నా ఒంట్లోంచి బరువు దిగిపోయింది. సంచి సర్దుకుంటుంటే ఫోన్ మోగింది. ఇక నా పని కాదు కదా అని కదలలేదు. మామే ఎత్తాడు. రెండు ముక్కలు మాట్లాడాడు, తడబడ్డాడు, అవతల ఆవిడ ఏదో అడిగితే చెమట తుడుచుకున్నాడు. ఫోన్‌ను అరచేత్తో మూసి, నన్ను పిలవకుండా, గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. నన్ను పిలవకూడదని పళ్లు బిగబట్టి నిలబడ్డాడు పాపం.

పిలిచి ఉంటే వెళ్లిపోయేదాన్ని. ఆయన పిలవకపోవడంతో చెయ్యి చాపాను.

"వంట మాట రాసిన అమ్మాయేనా?" అంది అవతల ఒక గొంతు. "మా అక్క వాళ్ల అపార్ట్‌మెంట్‌లో చెప్పారు. మీతోనే మాట్లాడాలని..."

ఆ క్షణంలో నాలో పొంగిన గర్వం నాకింకా గుర్తుంది. అంత చిన్న గదిలో, ఆ గోడకు ఎదురుగా, నన్నొకరు వెతుక్కుంటూ వచ్చారు. మామ నన్ను కట్టెయ్యలేదు. అమ్మ కూడా కాదు. ఆ ముడి నేనే వేసుకున్నాను, పైగా నవ్వుకుంటూ వేసుకున్నాను.

"అవునండీ, నేనే" అని సంచి కింద పెట్టి, కుర్చీ లాక్కున్నాను. రెండేళ్ల తర్వాత, తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాది కూడా ఆ కుర్చీలోనే ఉన్నాను.