ముద్ద దగ్గర ఆగిన లేబుల్

డాలీగంజ్‌లో పురుగుమందుల కొట్టు నడిపే భయ్యాకి హిందీ ఒక్కటే చదవడం వచ్చు. ఇంగ్లీషు లేబుళ్లు నేనే చదివి చెప్పేదాన్ని. ఆయన భోంచేస్తుంటే బెండ మందు లేబుల్ అందుకున్నాను. హెక్టారుకి ఎన్ని గ్రాములో, ఎన్ని లీటర్ల నీళ్లలో కలపాలో చెబితే, "చెంచా లెక్క చాలు దీదీ" అన్నాడు. గ్లౌజులు, మాస్కు అంటే నవ్వాడు.

"కొట్టాక ఐదు రోజులు కాయ కోయకూడదట."

ముద్ద నోటి దగ్గర ఆగింది. మందు కొన్న రైతు మొదటి కోత ఈయనకే ఇవ్వాలని కొట్టు ఆనవాయితీ.

"ఈ కూరలో బెండకాయలు నిన్న మందు కొట్టినవే, దీదీ."

నాకు నవ్వాగలేదు, ఆయనకీ ఆగలేదు. నవ్వుతూనే రైతుకి ఫోన్ చేసి, "మిగతావి బేచ్‌నా నహీ", అమ్మొద్దు అన్నాడు. తర్వాత గ్లౌజులు తొడుక్కుని క్యారియర్ మూత పెట్టాడు.