ఒకే వేలిముద్ర, రెండు పేర్లు

"ఈ రెండు వేలిముద్రలూ ఒకరివే కదమ్మా. రెండో మనిషి ఏడి?"

ఈ మాట అడిగినవాడు బీమా కంపెనీ పంపిన దర్యాప్తు మనిషి. అడిగించుకున్నావిడ ఐదంతస్తుల కట్టడం దగ్గర కూలీల మస్టరు రాసే గుమాస్తా. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి "హాజరు, హాజరు" అని టిక్కులు పెడుతుంది కాబట్టి సైటులో అందరికీ ఆవిడ హాజరమ్మ. నలభై ఆరేళ్లు. పద్దెనిమిదేళ్ల నౌకరీలో ఒక్క రోజు కూలి తప్పు వేయలేదని పేరు. ఆ పేరు నిజమే. ఆవిడ వేసిన కూలి ఎప్పుడూ తప్పు కాదు, మనిషే తప్పు.

సంగతేమిటంటే, స్లాబుకి ఇనుము వంచి కట్టే రాడ్ బెండరు ఒకడున్నాడు. వయసు ముప్ఫై నాలుగు, రోజు కూలి ఆరువందలు. రెండేళ్ల కిందట వాడి తమ్ముడు పనికొచ్చి, నాలుగు రోజులు చేసి, "నా వల్ల కాదు" అని లారీ నడపడానికి పోయాడు. మస్టర్లో వాడి పేరు మాత్రం ఉండిపోయింది. అదే వారం స్లాబు పని మొదలైంది. రోజూ సాయంత్రం నాలుగేసి గంటలు అదనం. అంతేసి గంటలు ఒకే మనిషి పేరున కనబడితే కార్మిక శాఖ వాళ్లు ఊరుకోరు, పైగా అదనపు గంటలకి రెట్టింపు కూలి ఇవ్వాలి. అప్పుడు హాజరమ్మే దారి చూపించింది: రెండు సాయంత్రాలు కలిపితే ఒక రోజు, ఆ రోజు తమ్ముడి పేరున. కాంట్రాక్టరు "నీ బుర్రే బుర్ర" అన్నాడు. ఏడాది తిరిగేసరికి ఆ మస్టర్లో ఇలాంటి తమ్ముళ్లు, బావమరుదులు పదకొండు మంది తేలారు.

రాడ్ బెండరుకి అదొక పరిహాసం. నెలాఖరున రెండు చోట్లా వేలిముద్ర వేస్తూ, "మా తమ్ముడు బంగారమమ్మా. నీళ్లడగడు, బీడీ అడగడు, నాతో సమానంగా చేస్తాడు" అనేవాడు.

మంగళవారం పదిన్నరకి పైకెక్కిస్తున్న రాడ్ల కట్ట జారి వాడి ఎడమ చేతి మీద పడింది. ఆస్పత్రిలో బొటనవేలు, చూపుడువేలు తీసేశారు.

"బీమా కంపెనీకి ఇవాళే ఇంటిమేషన్ వెళ్లాలి. ఆలస్యమైతే పాలసీ వాడు అదొక సాకు చెబుతాడు" అన్నాడు కాంట్రాక్టరు. హాజరమ్మ రాసింది: పాలసీ నంబరు, మనిషి పేరు, వయసు, చేసే పని, ప్రమాదం జరిగిన గంట, ఎలా జరిగింది, చూసినవాళ్లెవరు, ఏ ఆస్పత్రి. మధ్యాహ్నానికల్లా పంపేసింది. అంతవరకూ చెయ్యి తడబడలేదు. దానికి జత చేయాల్సిన కాగితం దగ్గర తడబడింది. గడిచిన పన్నెండు నెలల కూలి వివరాలు.

పరిహారం లెక్క కట్టేది జాలి మీద కాదు. నెల కూలి, వయసు, పోయిన పనిశక్తి, ఈ మూడింటి మీద. చికిత్స జరిగినన్నాళ్లూ పదిహేను రోజులకోసారి ఇచ్చే సొమ్ముకీ ఆ కూలే ఆధారం. రాడ్ బెండరు సొంత పేరున నెలకి ఇరవై ఆరు రోజులు, పదిహేను వేల ఆరువందలు. తమ్ముడి పేరున పన్నెండు రోజులు, ఏడు వేల రెండువందలు.

"ఏం రాయమంటారు సార్?"

"రాసింది రాసినట్టు పంపు. వాడి వరుసలో ఎంతుంటే అంత."

పంపింది. మూడో రోజు రాడ్ బెండరు భార్య వచ్చింది. ఆస్పత్రి సంచీ కింద పెట్టి, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"కూలి కాగితం పంపారంట కదమ్మా. ఎంతని రాశారు?"

"పదిహేను వేల ఆరువందలు."

"ఆయన ఇంటికి తెచ్చేది ఇరవై రెండు వేల ఎనిమిదొందలు. నా చేతికే ఇస్తాడు, నేనే లెక్కపెడతాను." సంచీ మళ్లీ అందుకుంటూ అంది: "మరిది పేరున ఉన్నదాన్ని కూడా ఆయన ఆ చేత్తోనే కదమ్మా సంపాదించాడు? మీకు తెలీనిదా?"

తెలియనిదేముంది! ఆ రాత్రి భోజనం దగ్గర హాజరమ్మ భర్త "ఉప్పు లేదు" అంటే "రేపు వేస్తాను" అందట.

ఇక దర్యాప్తు మనిషి. నెమ్మదస్తుడు. నెమ్మదస్తులతోనే ఇబ్బంది. మస్టరు, కూలి బట్వాడా పుస్తకం పక్కపక్కన పెట్టుకుని పేజీలు తిప్పాడు. రాడ్ బెండరు ఎడమ బొటనవేలి ముద్రలో మధ్యన అడ్డంగా ఒక పాత కోత, వైరు కోసినది. తమ్ముడి ముద్రలోనూ అదే కోత, అదే చోట, పన్నెండు నెలలూ.

"ఆయన వేలితో ఒకసారి సరిపోల్చుకుంటాను" అన్నాడు.

"ఆ వేలు ఇప్పుడు లేదు సార్."

అతను పెన్ను మూత పెట్టాడు. అప్పుడే అడిగాడు, రెండో మనిషి ఏడి అని.

ఊరెళ్లాడని చెప్పొచ్చు. చెబితే రప్పించమంటాడు. రప్పించలేకపోతే పుస్తకాలు నమ్మదగినవి కావని రాస్తాడు. అలా రాస్తే పదిహేను వేల లెక్కన వచ్చేది కూడా ఆగిపోతుంది. ఇలాంటిచోట మన కథకులు అంతరాత్మని పిలుస్తారు. హాజరమ్మ "ఒక్క అరగంట సార్, టీ తెప్పిస్తాను" అని బీరువా తెరిచి, పాలసీ ఫైలు తీసుకుని కాంట్రాక్టరు గదికి వెళ్లింది. ఫైలు తాడు ముడి రాలేదు. కత్తెరతో కోసింది.

"ఇద్దరూ ఒకడేనని ఒప్పుకుందాం సార్."

"నీకు మతి పోయిందా? ప్రీమియం ఎగ్గొట్టామని క్లెయిమే కొట్టేస్తాడు!"

"ఎగ్గొట్టలేదు. చూడండి." ఏడాది చివర బీమా వాళ్లకిచ్చిన కూలి మొత్తం కాగితం ముందు పెట్టింది. "ప్రీమియం తలల మీద కట్టలేదు, మొత్తం కూలి మీద కట్టాం. తమ్ముడి ఏడు వేల రెండొందలు కూడా అందులో ఉంది, ప్రతి నెలా. వాళ్లకి రావాల్సింది వాళ్లకి ముట్టింది."

కాంట్రాక్టరు అంకెలు చూశాడు. ఊరట కలగాలి. కలగలేదు.

"బీమా వాడి సంగతి సరే. ఈ కాగితం కార్మిక శాఖకి చేరితే? ఒక్క తమ్ముడు లేస్తే మిగతా పదిమందీ లేచి కూర్చుంటారు. అందరికీ రెట్టింపు కూలి కట్టమంటారు. ఈ తమ్ముళ్లని కన్నది నువ్వే కదటే తల్లీ!"

"నేనే. అందుకే రాసేది కూడా నేనే. సంతకం మాత్రం యజమానిది ఉండాలి."

"నేను పెట్టను."

"అయితే ఆ రెండో మనిషిని మీరే తీసుకొచ్చి చూపించండి సార్. ఆయన టీ తాగేస్తున్నాడు."

కాంట్రాక్టరు కిటికీలోంచి చూశాడు. దర్యాప్తు మనిషి గ్లాసు కింద పెట్టి వాచీ చూసుకుంటున్నాడు. పెన్ను అందుకోవడానికి ఇంకో పావుగంట పట్టింది. ఆ పావుగంటలో ఎన్ని తిట్లు పడ్డాయో ఆవిడ నాకు చెప్పలేదు, లెక్కపెట్టాను అని మాత్రం అంది.

సవరించిన వివరం మూడే వాక్యాలు. రెండు వరుసలూ ఒకే మనిషివి. రెండోది అదనపు గంటల పని. సగటు నెల కూలి ఇరవై రెండు వేల ఎనిమిదివందలు. కింద కాంట్రాక్టరు సంతకం, పక్కన "వివరాలు రాసినది" అని ఆవిడది.

ఏడు వారాలు ఏ కబురూ లేదు. ఆ ఏడు వారాలూ గేటు దగ్గర ఏ జీపు ఆగినా కార్మిక శాఖదేనని హాజరమ్మ లేచి నిలబడేది. చివరికి బీమా కంపెనీ పూర్తి కూలి మీదే లెక్క కట్టి పరిహారం జమ చేసింది. హాజరమ్మ ఉద్యోగం పోలేదు. మస్టరు తీసేసి సిమెంటు గోడౌనుకి మార్చారు. ఇప్పుడు బస్తాలు లెక్కపెడుతుంది. "బస్తాలకి తమ్ముళ్లుండరు, నయం" అంటుంది.

తమ్ముడి పేరున రాడ్ బెండరు ఆ ఏడాది చేసినవి రెండువందల ఎనభై ఎనిమిది సాయంత్రాలు. సాయంత్రానికి ఆరువందలు రావాల్సిన చోట మూడువందలే ఇచ్చారు. మిగతా ఎనభై ఆరు వేల నాలుగువందలు కాంట్రాక్టరు ఇంకా ఇవ్వలేదు.