బు నింగ్ దిద్దిన పరిచయం

జావాలో బంతుల్ అనే ఊరి చుట్టుపక్కల ఎవరికైనా విదేశాలకు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు పంపాల్సి వస్తే బు నింగ్ ఇంటికే వెళ్లేవారు. బు అంటే అమ్మగారు, మగవాళ్లయితే పాక్ అంటారు. బడిలో ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. వరండాలో వెదురు బల్ల, దాని మీద ఎర్ర పెన్సిలు, పక్కన చల్లారిపోయిన అల్లం టీ. బాటిక్ అద్దేవాళ్లు, గామెలాన్ వాయించేవాళ్లు, టూరిస్టు గైడ్లు, డాక్టరేటు చేస్తున్న కుర్రాళ్లు, అందరూ తమ గురించి తాము రాసుకున్న కాగితం పట్టుకుని చెప్పులు విప్పి ఆ మెట్లు ఎక్కినవాళ్లే. ఆవిడ డబ్బు తీసుకునేది కాదు. సలాక్ పళ్లో, ఆకులో చుట్టిన సోయా టెంపేనో పెట్టి పోతే కాదనేదీ కాదు.

పనిలో మాత్రం మహా కర్కోటకి. వరుసల మధ్య ఖాళీ వదిలి అచ్చు తీయించి తెమ్మనేది. మొదటిసారి చదివినప్పుడు ఒక్క ‘ఎ’, ఒక్క ‘ది’ తప్పించుకునేవి కావు. మన భాషలో లేని సరుకు కదా, ఎక్కడ పెట్టాలో ఎవడికీ తెలిసి చావదు. రెండోసారి కాలాలు చూసేది: అయిపోయిన పని ఒకవైపు, ఇంకా నడుస్తున్న పని ఇంకోవైపు. మూడోసారి జావానీస్‌లో ఆలోచించి ఇంగ్లీషులో కక్కిన వాక్యాలను పట్టుకునేది. “చిన్న నుంచి, అని రాశావేంట్రా! చిన్న నుంచి ఏమిటి, నీ తలకాయ! చిన్నప్పటి నుంచి అనాలి” అని కసురుతూనే పెన్సిలు ఆడించేది. ఆవిడ చెయ్యి పడ్డ పరిచయం ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంటుందని పేరు. ఆ పేరంటే ఆవిడకు ప్రాణం.

పాక్ మార్దియో వచ్చింది వానాకాలం మొదట్లో. గేదె తోలు చెక్కి బొమ్మలాట బొమ్మలు చేసే మనిషి. అరవై దాటాడు. మాట తక్కువ, వినయం మరీ ఎక్కువ. కూతురు రుమిని ఆయన్ను మోటారు బండి మీద దింపి వెళ్లింది. ఆయన కుర్చీ అంచు మీద కూర్చుని, జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. ఐరోపాలో ఒక ఊళ్లో మూడు నెలలు ఉంచుకుని, పని చేసుకోనిచ్చి, తమ మ్యూజియంలో పాత బొమ్మలు చూడనిస్తామని, దరఖాస్తులు పెట్టుకోమని పిలుపు ఒకటి వచ్చింది. నిఘంటువు పక్కన పెట్టుకుని తన గురించి తానే రాసుకున్నాడు, పాపం.

“ఎవరు రాశారు పాక్, ఇది?”

“నేనే, బు. తప్పులుంటాయి. మన్నించాలి.”

“ఉంటాయి ఏమిటి, తప్పుల మధ్యలో అక్కడక్కడా ఇంగ్లీషుంది” అంది బు నింగ్. ఆయన నవ్వాడు. ఆవిడా నవ్వింది.

ఆ కాగితంలో ఉన్నది మన మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: నేను బంతుల్‌లో పుడుతున్నాను. చిన్న నుంచి ఉలి పట్టుకున్నాను. నా తాత బిడ్డ మీ ఊరిలో పెట్టెలో నిద్రపోతోంది. ఆమె కన్ను ఎలా తెరిచాడో నాన్నకు తెలియదు, నాకు తెలియదు. నా కళ్లు తొందరలో ఉన్నాయి. నేను వచ్చి ఆమెను లేపాలి.

బు నింగ్ మొదటి రెండు వాక్యాలనూ చిటికెలో సరిచేసింది. మూడో దాని దగ్గర పెన్సిలు ఆగింది. తాత బిడ్డంటే ఈయన మేనత్తే అయ్యుండాలి. పెట్టెలో నిద్రంటే శవపేటిక. పరాయి ఊళ్లో పోయిన చుట్టాన్ని లేపుతానంటూ ఎవరైనా దరఖాస్తులో రాసుకుంటారా? తలా తోకా లేదు. చదివినవాళ్లు హడిలి చస్తారు.

“ఇది తీసేద్దాం పాక్. ఇలాంటివి పరిచయంలో బాగోవు. వృత్తి, అనుభవం, ఆసక్తి, అంతే ఉండాలి.”

ఆయన పెదవులు కదిలాయి. ఏదో చెప్పబోయి ఆగాడు. చదువు చెప్పిన మనిషికి ఎదురు చెప్పడమా! మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని తల కొంచెం వంచి, “ఇంగ్గిహ్, బు” అన్నాడు.

ఇంగ్గిహ్ అంటే అవునండీ అని. జావాలో పెద్దవాళ్ల ముందు కాదనలేక కూడా ఆ ముక్కే అంటారు. పుట్టి బుద్ధెరిగి ఆ మాట మధ్యే పెరిగిన బు నింగ్‌కు అది తెలియదా? తెలుసు. ఆ పూట చెవికెక్కలేదు, అంతే. అనుమానం వచ్చినచోట పక్కన ప్రశ్న రాసి, రాసినవాడిని అడగాలని పిల్లలకు తనే నేర్పింది. ఆ పూట అడగలేదు.

దిద్దాక ఆ పరిచయం కళకళలాడింది. బంతుల్‌లో జన్మించిన మార్దియో బాల్యం నుంచీ తోలుబొమ్మల కళకు అంకితమైన శిల్పి అట. సంప్రదాయాన్ని నేటి దృష్టితో అన్వేషిస్తారట. పాత సేకరణల పట్ల ఆయనకు విశేషమైన ఆసక్తి అట. ఒక్క తప్పు లేదు. రుమిని ఫోన్లోంచి పంపించింది. పాక్ మార్దియో మర్నాడు వచ్చి ఒక చిన్న తోలు విసనకర్ర ఇచ్చి వెళ్లాడు. దాని మీద మల్లెమొగ్గ చెక్కి ఉంది.

జవాబు వచ్చేసరికి వానలు వెనకబట్టాయి. ఎంపిక కాలేదు. ఉత్తరం అడుగున, రాసినామె ఎవరో మంచి మనిషిలా ఉంది, రెండు వాక్యాలు కలిపింది. భాష చక్కగా ఉంది, కానీ వందల దరఖాస్తుల్లో ఈయన ఎవరో మాకు వినబడలేదు, మా ఊరికే ఎందుకు రావాలనుకుంటున్నారో తెలియలేదు అని.

రుమిని ఆ ఉత్తరం పట్టుకుని వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“మా నాన్న రాసిందాంట్లో అదే కదా బు ఉంది! ఎందుకు వస్తానో తప్ప ఇంకేం లేదు కదా!”

“ఏముందే అందులో? పెట్టె, నిద్ర...”

“బొమ్మ, బు! సుంబద్ర బొమ్మ!” అంది రుమిని. “మా ముత్తాత చెక్కింది. కరువేడాది తిండి లేక మా తాత అమ్మేశాడు. ఎవడో తెల్లవాడు పట్టుకుపోయాడు. అక్కడి మ్యూజియం పెట్టెలో ఉంది. చదువుకోడానికి వచ్చిన ఒకమ్మాయి ఫోన్లో ఫొటో చూపిస్తే నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు.”

సుంబద్ర అంటే మహాభారతంలోని సుభద్ర. బొమ్మకు ఒళ్లంతా చెక్కి, ముఖం చివర చెక్కుతారు ఆ ఇంట్లో, దాన్నే ముఖం తెరవడం అంటారు. ముత్తాత కన్ను తెరిచే తీరు వేరు. దీపం ముందు పెడితే ఆ కంటికి ప్రాణం వచ్చేదని చెప్పుకునేవాళ్లు. నేర్పకుండానే పోయాడు. ఫొటోలో కోత లోతు తెలియదు. బొమ్మను వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూస్తే గానీ ఉలి ఎటు వాలిందో అంతుచిక్కదు. అది చూసి వచ్చి రుమినికి నేర్పాలని ఆయన ఆశ. కళ్లు తొందరలో ఉన్నాయంటే, నరం ఎండిపోతోందని డాక్టరు చెప్పాడు. చుట్టూ నల్లగా మూసుకొస్తోంది. పోయిన చూపు తిరిగి రాదు.

బు నింగ్ ఎర్ర పెన్సిలు బల్ల మీద పెట్టేసింది. “ఆ రోజు చెప్పలేదేమే ఆయన?”

“మీకా? మీ ముందా? బాగానే ఉంది!”

ఆవిడ అదే వారం ఐరోపాకు ఉత్తరం రాసింది. తప్పు నాది, ఆయనది కాదు, ఆయన రాసింది ఇదీ అని, ఆ నాలుగు మడతల కాగితాన్ని ఉన్నదున్నట్టు జతచేసింది. మర్యాదగా జవాబొచ్చింది. ఈసారికి ఎంపిక ముగిసింది, రెండేళ్ల తర్వాత మళ్లీ పిలుస్తాం, తప్పకుండా రమ్మనండి అని. ఆ రెండేళ్లే లేవు కదమ్మా ఆయన దగ్గర!

క్షమాపణ చెప్పడానికి వెళితే పాక్ మార్దియో ఆవిడనే ఓదార్చాడు. “మీ ఇంగ్లీషు ఎంత బాగుంది బు! మా మనవడు చదివి వినిపించాడు. ఎవరో గొప్పవాడి గురించి అనుకున్నాను” అన్నాడు. నిజంగానే అన్నాడు, వెటకారం కాదు. అది విన్నాక ఆవిడ అక్కడ ఉండలేక లేచి వచ్చేసింది. దారిలో గుడ్డ అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

రెండోసారి పిలుపు వచ్చినప్పుడు ఆవిడే కాగితం పట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. అప్పటికి ఆయనకు పగలూ రాత్రీ తేడా తెలుస్తుందంతే. ఉలులు నూనె రాసి గుడ్డలో చుట్టి ఉన్నాయి. ఆవిడ ఒక్కో వాక్యం జావానీస్‌లో చదివి, “ఇది ఉంచమంటారా?” అని అడిగింది. పుడుతున్నాను అన్నదాన్ని పుట్టాను అని దిద్దింది. పోయిన ‘ది’లూ ‘ఎ’లూ వాటి చోట్లలో పెట్టింది. తాత బిడ్డను తాకలేదు. ఆ బిడ్డ తాత చెక్కిన సుంబద్ర బొమ్మ అని కింద ఒక్క ముక్క మాత్రం కలిపింది. కళ్లు తొందరలో ఉన్నాయన్న మాట దగ్గర ఆయన చెయ్యెత్తాడు.

“అది మార్చాలి, బు. వాటికిప్పుడు తొందర లేదు. పోయాయని రాయండి.”

రాసింది. నెల తిరక్కుండా రమ్మని కబురొచ్చింది. రుమినిని తోడు తెచ్చుకోమన్నారు.

“వెళ్తాను” అన్నాడాయన, మొహం వెలిగిపోతూ. “కళ్లు లేకపోతేనేం, వేళ్లున్నాయి. కోత ఎటు వాలిందో వేలికి తెలుస్తుంది. ఇంకా బాగా తెలుస్తుంది. ముట్టుకోనిస్తారా, కనుక్కోండి బు.”

కనుక్కుంది. జవాబు కోసం రోజూ ఫోను తీసి చూసింది. వచ్చింది. ఆయన రావడం మాకెంతో గౌరవం, బొమ్మను ముట్టుకోవచ్చు కూడా. కాకపోతే పాత తోలు పురుగు పట్టకుండా ఎప్పుడో మందు పూశారు, అది విషం. చేతులకు తొడుగులు వేసుకుని తీరాలి.

బు నింగ్ ఆ ఉత్తరాన్ని ఆయనకు నెమ్మదిగా చదివి వినిపించింది. మెత్తగా చెప్పే మాట కోసం వెతికింది, దొరకలేదు. రుమిని వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయింది. పాక్ మార్దియో కుడిచేతి బొటనవేలితో చూపుడువేలి కొనను రుద్దుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. యాభై ఏళ్ల ఉలిపిడి ఒరుసుకుపోయి కూడా వెంట్రుకంత గీతను పట్టే వేలు అది.

“ఇంగ్గిహ్, బు” అన్నాడు చివరికి. తల కొంచెం వంచి.

ఈసారి ఆవిడ విన్నది. “ఏ ఇంగ్గిహ్, పాక్? నాకు చెప్పండి. నన్ను చూసి మొహమాటపడకండి, మీ కాళ్లు పట్టుకుంటాను.”

ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు, కన్నీళ్లొచ్చాయి. “రానని రాయండి. తొడుగేసుకుని ఆమె మొహం తడిమి నేనేం తెలుసుకుంటాను? పడుకోనివ్వండి ఆమెను.”

“మీ మాటల్లోనే రాస్తాను పాక్. ఒక్క ముక్క మార్చను.”

“వద్దు బు.” ఆయన గాల్లో వెతికి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. “దీన్ని మీ ఇంగ్లీషులో రాయండి. మొదటిసారి రాశారే, అలా. నేను అందులో వినబడకూడదు.”

బు నింగ్ ఆ సాయంత్రం వరండాలో కూర్చుని రాసింది. ఆరోగ్య కారణాల వల్ల రాలేకపోతున్నందుకు మార్దియోగారు చింతిస్తున్నారనీ, మీ ఆదరణకు కృతజ్ఞులనీ. మూడుసార్లు చదివింది. ఎక్కడా ఒక్క తప్పు లేదు.