తలుపు మీద సున్నా

మా పాపకు ఏడాదిన్నర నిండేసరికి నా భార్య సెలవులన్నీ అయిపోయాయి. జీతంతో సెలవు, సగం జీతంతో సెలవు, జీతం లేని సెలవు, అన్నీ. ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఫిబ్రవరి ఒకటో తారీఖున రాకపోతే ఆర్డరు రద్దవుతుందని ఆఫీసరు చెప్పి పంపించాడు. ఆ ఉద్యోగం కోసం ఆమె మూడేళ్లు ఎదురుచూసింది. నా జీతం కంటే ఆమె జీతం ఎక్కువ. ఈ రెండో సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్లు కాదు గానీ, అందరికీ తెలుసు.

పాపను ఎవరు చూడాలి? అదీ ప్రశ్న. నేను భద్రాచలంలో ఎరువుల దుకాణంలో లెక్కలు రాసేవాణ్ణి. చదివింది ఏడో తరగతి. మిగతా లెక్కలన్నీ యూరియా బస్తాల మధ్య నేర్చుకున్నవే. ఏ చిక్కైనా గళ్లు గీసి కూడితే విడిపోతుందని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఒక ఆదివారం సుద్దముక్క తీసుకుని, నడింటి తలుపు లోపలి వైపు మూడు గళ్లు గీశాను.

మొదటి గడి టీచరమ్మది. ఆమె రిటైరయ్యాక మా వెనక వీధిలో తన ఇంట్లోనే పిల్లల్ని చూసుకునేది. ఎనిమిది మంది పిల్లలు, రెండు చాపలు, ఒక చెక్క గుర్రం. నెలకు నూట యాభై. పిల్ల వచ్చినా రాకపోయినా పూర్తి డబ్బు కట్టాలి. పాలు, బిస్కెట్లు మనవే, అది నలభై. చేరేటప్పుడు అరవై కట్టాలి, దాన్ని పన్నెండు నెలలకు పంచితే ఐదు. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదున్నర దాకా చూస్తుంది. ఆలస్యమైతే అదనం. దానికొక ఇరవై వేశాను. రెండు వందల పదిహేను.

రెండో గడి ఆయాది. చర్ల తోవలో అడవి పల్లెకు చెందిన మనిషి, ఊళ్లో తమ్ముడింట్లో ఉంటూ నాలుగిళ్లలో అంట్లు తోమేది. ఆ పనులు మానేసి పొద్దంతా మా దగ్గరే ఉండాలంటే రెండు వందలు అడిగింది. మధ్యాహ్నం తిండి అరవై, చాయ్ పదిహేను. ఏడాదికి రెండు చీరలు, నెలకు పంచితే పదిహేను. చివర్లో నా జాగ్రత్త కొద్దీ 'పగిలే సామాను' అని ఒక పది రాశాను. మూడు వందలు.

ఆమెను అడిగినప్పుడు ఒక్క సంగతి ముందే చెప్పింది.

"సారూ, తునికాకు కాలంల నేనుండ."

"ఎన్ని రోజులు పోతవమ్మా?"

"ఆకు ఎన్ని రోజులుంటే అన్ని రోజులు."

బీడీలకు పోయే ఆ ఆకు కోస్తే కట్టకింతని డబ్బులిస్తారు. ఇంటిల్లిపాదీ కోస్తే ఆ నెలన్నరలో వచ్చేది ఆరు నెలలు అంట్లు తోమినా రాదు. అందుకని ఆమెను తప్పు పట్టలేం. నేనేం చేశానంటే, ఆమె లేని నెలన్నరను కూడా ఏడాది మీద పంచేశాను. నెలకు మూడు నాలుగు రోజులు రాకపోయినట్టు! కాగితం మీద భలే కుదిరింది. పిల్ల మాత్రం ఏప్రిల్‌లో నెలన్నర పాటు వరసగా ఒంటరిగా ఉంటుందన్న సంగతి ఆ భాగహారంలో ఎక్కడా కనపడలేదు.

మూడో గడి మా అత్తమ్మది. చండ్రుగొండ పక్క పల్లెలో రెండెకరాల మిరప, ఒక గేదె, కొన్ని కోళ్లతో ఉండేది. వచ్చి పిల్లను చూస్తుందా అని ఉత్తరం రాస్తే, జవాబు రాయించకుండా మనిషే బస్సు దిగింది. అప్పటికే నేను ఆమె గడిలో ఒక గుండ్రటి సున్నా పెట్టి, కింద రెండు గీతలు కూడా గీసి ఉన్నాను. చవకైన దారి అదేనని తేల్చిన గుర్తు అది.

అత్తమ్మకు చదువు రాదు. అయితే బస్సు నంబర్లు, తూకం రాళ్లు, నోట్లు చూసి అంకెలన్నీ తెలుసు. మంచినీళ్లు తాగి, చెంబు కింద పెడుతూ తలుపు వైపు చూసింది.

"ఇది ఎవరి లెక్క?"

నా భార్య నా వంక చూసి, నవ్వు ఆపుకుంటూ చదివి వినిపించింది. "ఇది టీచరమ్మది. ఇది ఆయాది. ఇది నీదమ్మా."

"నాది సున్నానా?"

"అట్ల కాదత్తమ్మా, నీకు పైసలివ్వం కదా, అందుకని..."

"ఆయా తింటే అరవై. మరి నేను గాలి మింగుతనా అల్లుడా?"

అరవై రాశాను.

"చాయ్?"

"పదిహేను."

"ఇరవై రాయి. నేను పొద్దుగూకినంక గూడ తాగుత."

రాశాను. ఇక ఆమె ఆగలేదు. కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుని కూర్చుని, ఒక్కొక్కటే చెప్పసాగింది. తాను ఇక్కడుంటే గేదెను పక్కింటామెకు సగం పాలకు అప్పజెప్పాలి. ఇంట్లోకి పోగా అమ్మేవి రోజుకు రెండు లీటర్లు, లీటరు నాలుగు. సగం పోతే నెలకు నూట ఇరవై. కోడిగుడ్లు ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు, ఇరవై. మిరపకాయ ఏరే రోజులు, తన బదులు కూలిమనిషిని పెట్టాలి. రోజుకు పన్నెండు చొప్పున పది రోజులు, నూట ఇరవై. నెలకొకసారి పోయి వచ్చే బస్సుకు ఇరవై నాలుగు.

"ఇప్పుడు కూడు," అంది.

మూడు వందల అరవై నాలుగు. ఊళ్లో అందరికంటే ఖరీదైన మనిషి మా అత్తమ్మ.

"గట్ల రాయి!" అని లేచి పాపను చంకనెత్తుకుంది. "ఇప్పుడు నాకు గా మర్యాదియ్యి."

నా భార్య వంటింట్లోకి పోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత బయటికి వచ్చి మాత్రం మొహం గంటు పెట్టుకుంది. "మా అమ్మను సున్నా రాసినవా? మీ అమ్మనైతే ఎంత రాస్తుంటివి?" దానికి ఏ అంకె చెప్పినా ప్రమాదమేనని సుద్దముక్కను గూట్లో పెట్టేశాను.

ఆ తలుపు అక్కడితో ఊరుకోలేదు. మర్నాడు ఆయా పని మాట్లాడుకోవడానికి వస్తే, మా అత్తమ్మ పక్కన కూర్చోబెట్టుకుని కూతురి చేత మొత్తం చదివించింది. 'పగిలే సామాను' దగ్గర ఆయా చెయ్యెత్తింది.

"ఆగమ్మా. ఏంది సారూ, నేనింక గిన్నె ముట్టకముందే పగలగొట్టిన్నా?"

"ఊరికే జాగ్రత్తకు రాసిన."

"మరి పగలకపోతే ఆ పది ఎవలకు?"

అత్తమ్మ వెంటనే తీర్పు చెప్పింది. "నీకే. ఇంకెవలకు?"

అలా నా జాగ్రత్త నెలకు పది రూపాయల ఖర్చయింది. ఆ తర్వాత ఆమె మా ఇంట్లో ఒక్క గాజు గ్లాసు పగలగొట్టలేదు. గ్లాసు కడిగినప్పుడల్లా వెలుతురుకు పట్టి నాకు చూపించేది.

సాయంత్రం టీచరమ్మ వచ్చింది. ఆమె చదువుకున్న మనిషి కాబట్టి తనంతట తానే చదువుకుంది, కళ్లద్దాలు పెట్టుకుని మరీ. తప్పుల్లో వేలు పెట్టడం ఆమెకు పాత అలవాటు. "ఆలస్యానికి ఇరవై ఏమిటి బాబూ? ఏదో ఒకనాడు అరగంట అంటే సరే. రోజూ అంటే నేనొప్పుకోను. ఐదున్నరకు తలుపేస్తాను. జ్వరమొస్తే తేవద్దు, మిగతా ఎనిమిది మందికీ అంటుకుంటుంది. మే నెలంతా మా అమ్మాయి దగ్గరికి పోతాను. అది రాయలేదేం?"

ఆమె పోయాక తలుపు ముందు నిలబడ్డాను. ఒకటో తారీఖు ఇంకో నాలుగు రోజులుంది. చవకైన దారి ఐదున్నరకు మూతపడుతోంది. రెండో దారి ఏప్రిల్‌లో అడవికి పోతోంది. మూడో దారి మూడు వందల అరవై నాలుగు పలుకుతూ మా మంచం మీద గురకపెడుతోంది.

నా భార్య నా చేతిలోంచి సుద్దముక్క తీసుకుంది. తలుపు రెండో వైపు తిప్పింది. అక్కడ రూపాయలు రాయలేదు, గడియారం రాసింది.

ఆమెకు ఒక వారం పొద్దున ఆరు నుంచి ఒంటిగంట దాకా డ్యూటీ, ఇంకో వారం ఒంటిగంట నుంచి రాత్రి ఎనిమిది దాకా. పొద్దుటి డ్యూటీ వారం, నేను తొమ్మిదిన్నరకు దుకాణానికి పోయేలోపు పాపను టీచరమ్మ దగ్గర దించితే, ఒంటిగంటకు తను తెచ్చుకుంటుంది. సాయంత్రం డ్యూటీ వారం, పన్నెండున్నరకు తను దించుతుంది. ఐదున్నరకు తెచ్చేదెవరు? నేను దుకాణం నుంచి వచ్చేది ఎనిమిదికి. అంటే ఖాళీ ఉన్నది ఆ రెండున్నర గంటలే, అదీ వారం విడిచి వారం.

"ఆ గంటలకు పొద్దంతా మనిషి ఎందుకు?" అంది. "ఆయాను గా పొద్దుకే రమ్మందాం. ఆమె నాలుగిళ్ల పనీ పోదు."

ఆయా అరవైకి ఒప్పుకుంది. చాయ్ పదిహేను, పగలని సామానుకు పది. టీచరమ్మకు నూట తొంభై ఐదు. మొత్తం రెండు వందల ఎనభై. నేను ఏదో ఒక దాన్నే ఎంచుకోవాలని మూడు గళ్లు గీశాను గానీ, గళ్లను కలపొచ్చని నాకు తట్టలేదు.

"మరి తునికాకు కాలం? టీచరమ్మ లేని మే నెల?" అన్నాను.

తల్లీ కూతుళ్లు మొహాలు చూసుకున్నారు. "అప్పుడు నేనొస్త," అంది అత్తమ్మ. "అప్పటికి మిరప అయిపోతది. నూట ఇరవై కొట్టెయ్యి." కొట్టేశాను. "గేదె సంగతి మాత్రం ఉంచు."

ఫిబ్రవరి ఒకటిన నా భార్య ఇస్త్రీ చీర కట్టుకుని ఆరింటికి డ్యూటీకి పోయింది. పాప టీచరమ్మ గుమ్మంలో గొంతు చించుకుని ఏడ్చింది. పది నిమిషాలకు చెక్క గుర్రం ఎక్కిందని తర్వాత తెలిసింది. నేను మాత్రం ఆ పూట దుకాణంలో కూడిక రెండుసార్లు తప్పాను.

ఏప్రిల్ వచ్చింది. ఆయా చెప్పినట్టే అడవికి పోయింది. రెండో రోజు పొద్దున మా ఇంటి ముందు ఒక గడ్డి లారీ ఆగింది. ముందు సీట్లోంచి అత్తమ్మ దిగింది. వెనక, గడ్డి మోపుల మధ్య నిలబడి, మా వీధిని తీరిగ్గా చూస్తోంది గేదె. లారీ నడిపేది అత్తమ్మకు వరసకు తమ్ముడట, కిరాయి తీసుకోలేదట.

"పాల నష్టం గూడ కొట్టెయ్ అల్లుడా!" అని వీధిలోంచే అరిచింది.

గేదెను పెరట్లో కట్టేశాం. పాప దాని తోకను చూసి పొద్దస్తమానం నవ్వేది. ఉన్నవాళ్లలో చక్కగా ఆడించింది అదే. ఊళ్లో పాలు లీటరు ఐదు. మాకు ఉంచుకున్నది పోగా రెండు లీటర్లు పక్కిళ్లకు అమ్మితే నెలకు మూడు వందలు. గడ్డి, తవుడుకు నూట పది, అత్తమ్మ తిండికీ చాయ్‌కీ ఎనభై. నేను సుద్దముక్క తీసుకుని ఎంతో సంతోషంగా లెక్క వేసి, ఆమె గడిలో నూట పది రాసి, దాని ముందు చిన్న అడ్డగీత పెట్టాను.

అత్తమ్మ పాల చెంబుతో వచ్చి ఆగింది. "ఆ గీత ఏంది?"

"అంటే అత్తమ్మా, నీకు ఖర్చు లేదు. పైగా మాకే మిగులుతుంది. సున్నాకంటే కిందన్నట్టు."

ఆమె చెంబు కింద పెట్టింది. నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"సున్నాకంటే తక్కువ చేసినవా నన్ను?"

నేను గబగబా ఆ గీతను అరచేత్తో తుడిచేశాను. మిగిలిన నూట పదిని చూసి ఆమె తల పంకించింది. "గట్లుండాలె," అని పాపకు పాలు కాయడానికి లోపలికి పోయింది.