తిండి పదకొండుకి

ఉరుకుందప్ప బళ్లారి జిల్లాలోని మా ఎమ్మిగనూరు పొలిమేరలో, కంపిలి రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని శుభకార్యాలకి వంటలు చేసి పంపిస్తాడు. గనుల లారీలు పగలూ రాత్రీ తిరిగిన కాలంలో అతను క్లీనరు. డ్రైవర్లకి రోడ్డు పక్కనే స్టవ్ వెలిగించి అన్నం వండేవాడు. గనులు ఆగాక లారీ పోయింది, గరిటె మిగిలింది. పెళ్ళాం మారెక్క నూనె మూకుడు ముందు కూర్చుందంటే పని అయ్యేదాకా లేవదు. మనిషి మంచివాడే. చెప్పిన మాట చెప్పినట్టు చేస్తాడు. ఆ గుణమే ఒక రోజు నా ప్రాణం తీసినంత పని చేసింది.

ఆ రోజు నా మనవరాలు ప్రసన్నలక్ష్మి నిశ్చితార్థం. మావాడు సుధాకర్ బళ్లారి నుంచి పెద్ద కేటరింగ్ వాళ్ళని పిలుద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. వాళ్ళ సాంబారు ఎవరింట్లో తిన్నా ఒకటే సాంబారు. ఊళ్ళో ఉరుకుందప్ప ఉండగా బళ్లారి దాకా ఎందుకన్నాను. మా క్యాంపులో అంతవరకూ ఎవరూ అతనికి పని ఇవ్వలేదు. మేం కోస్తా నుంచి వచ్చి కాలవ కింద వరి వేసుకుని, ఈ క్యాంపు కట్టుకున్నవాళ్ళం. ఇక్కడి వంటల్లో కారం ఎక్కువని మావాళ్ళకొక వంక, ఏళ్ల తరబడి అదే కారం తింటూనే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ప్రసన్నకి ముందొక సంబంధం తాంబూలాల దాకా వచ్చి తప్పిపోయింది. ఆ రోజు భోజనం ఆలస్యమైందని పెళ్ళికొడుకు మేనమామ ఆకు ముందు నుంచి లేచిపోయాడు. ఆయన వెనకే మిగతా వాళ్ళూ లేచారు. మళ్ళీ కబురు రాలేదు. పిల్ల ఆర్నెల్లు ఎవరింటి పేరంటానికీ వెళ్ళలేదు. అందుకే ఈసారి నాకు ఒకటే పట్టు. వచ్చినవాళ్ళు మా ఇంట్లో విస్తరి ముందు కూర్చుని తిని లేవాలి. అంతే.

తెల్లవారుతుండగా పెళ్ళికొడుకు తండ్రి ఫోను చేశాడు. అబ్బాయి తోరణగల్లులో స్టీలు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. వాడి బదులు డ్యూటీకి వెళ్ళాల్సినవాడు జ్వరంతో పడుకున్నాడట. మధ్యాహ్నం షిఫ్టుకి అబ్బాయే వెళ్ళాలి. "తాంబూలాలు అనుకున్నప్పుడే కానిద్దాం. భోజనం మాత్రం తొందరగా పెట్టేయండి, లేకపోతే వాడు తినకుండా బయల్దేరాలి" అన్నాడాయన.

తినకుండా అనే మాట వినగానే నా కాళ్ళు ఆగలేదు. ఉరుకుందప్పకి ఫోను కలిపాను. ముందు అనుకున్నదేమిటంటే ఎనిమిదికి ఇడ్లీలు, ఒంటిగంటకి భోజనం.

"ఉరుకుందప్పా, తిండి పదకొండుకి పంపాలయ్యా. మగపెళ్ళివారికి పని పడింది."

"పదకొండుకా? అట్లే కానీమ్మా."

"ఆలస్యం చేశావో, నీ షెడ్డు రేకులు పీకిస్తా."

"ఏమీ గాదులేమ్మా, సులువే. మరి తక్కిందీ..."

"తక్కిందంతా అనుకున్నట్టే. నా బుర్ర తినకు" అని పెట్టేశాను.

పెట్టేశాక గానీ నాకు అనుమానం రాలేదు. వంట ముందుకి జరపమంటే ఏ వంటవాడైనా గునుస్తాడు. పప్పు ఉడకదంటాడు, మనుషులు లేరంటాడు. ఇతను సులువే అన్నాడేమిటి? మళ్ళీ చేద్దామనుకునేసరికి పంతులు వచ్చాడు, పూలవాడు వచ్చాడు, సుధాకర్ తన కండువా కనపడలేదని ఇల్లంతా తిరిగాడు. కండువా వాడి భుజం మీదే ఉంది.

ఎనిమిదయింది. ఇడ్లీలు రాలేదు. ఎనిమిదిన్నరకి మగపెళ్ళివారి రెండు వ్యాన్లు వచ్చేశాయి. కాళ్ళకి నీళ్ళిచ్చాం, కాఫీలు ఇచ్చాం. ఒకసారి ఇచ్చినవాళ్ళకే మళ్ళీ ఇచ్చాం. వియ్యపురాలు గ్లాసు కింద పెట్టి వీధి వైపు చూసింది. నేనూ చూశాను. వీధిలో గేదె తప్ప ఏమీ లేదు.

ఉరుకుందప్ప ఫోను మోగుతూనే ఉంది, ఎత్తడు. షెడ్డులో ఆవిరి తగలకుండా ఫోనుని ప్లాస్టిక్ కవర్లో చుట్టి మేకుకి తగిలిస్తాడు. గ్రైండరు రొద పెడుతుంటే అది మోగినా ఒకటే, మోగకపోయినా ఒకటే.

ప్రసన్న చీర సగం కట్టుకుని గది గుమ్మంలోంచి పిలిచింది. "నాయనమ్మా, ఏమైనా అయ్యిందా?"

"ఏమీ కాలేదు. కుచ్చిళ్ళు సరిగా పెట్టుకో" అన్నాను. అని చెరువు గట్టు తెగినట్టు వీధిలోకి పడ్డాను. "సుధాకరా, కారు తియ్యి."

"అమ్మా, వచ్చినవాళ్ళని వదిలేసి నేను..."

"నీ మొహం చూస్తూ కూర్చుంటే వాళ్ళ కడుపు నిండుతుందా? తియ్యి."

షెడ్డులోకి వెళ్ళేసరికి ఉరుకుందప్ప తీరిగ్గా టీ తాగుతున్నాడు. ఇడ్లీ పొయ్యి వెలిగించనే లేదు. పిండి డబ్బా మీద తడిగుడ్డ కప్పి ఉంది. మారెక్క ఓళిగలకి, అంటే మా బొబ్బట్లకి, పూర్ణం ముద్ద రుబ్బి పళ్ళెంలో పెట్టుకుంది. బియ్యం ఇంకా మూటలోనే ఉంది.

"ఏందమ్మా ఇట్లొచ్చినావు?" అన్నాడు నవ్వుతూ.

"చూసిపోదామని వచ్చా, నువ్వు బతికున్నావో లేదో. ఇడ్లీలు ఏవయ్యా?"

"నువ్వే జరపమంటివి గదమ్మా. తిండి పదకొండుకి అంటివి. పొయ్యి పదికి వెలిగిస్తా. యాడికి పోతాది?"

"నేను చెప్పింది భోజనం సంగతయ్యా."

"భోజనం యాడంటివి? తిండి అంటివి. తిండి అంటే ఇడ్లీ, ఉప్పిట్టు. భోజనమంటే ఊట. తక్కిందంతా అనుకున్నట్టే అంటివి, ఊట ఒంటిగంటకి పెట్టుకుంటిని."

అప్పుడు తెలిసింది. ఇక్కడి కన్నడంలో తిండి అంటే పొద్దున టిఫినే. వీళ్ళ తెలుగులోకీ అది అలాగే వచ్చేసింది. మా ఇంట్లో తిండి అంటే తినేదేదైనా తిండే. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో కూరగాయలు కొంటున్నాను, బస్సులెక్కుతున్నాను, నాకు ఆ సంగతి తెలియదా? తెలుసు. కంగారులో నోటికి మా ఇంటి మాట వచ్చింది. ఆ మాట మాత్రం అతనితో అనలేదు.

"తెలుగువాడివేనా నువ్వు? తిండి అంటే తెలీదా?"

"తెలుసు. నాకు తెలిసిన తిండి చేస్తాండా" అన్నాడు.

సుధాకర్ తల పట్టుకున్నాడు. "అమ్మా, బళ్లారి వాళ్ళని..."

"నువ్వు బళ్లారి అన్నావంటే ఇక్కడే సాంబారులో ముంచుతా."

ఉరుకుందప్ప టీ గ్లాసు పక్కన పెట్టాడు. నవ్వు పోయింది. "పిల్లోడు ఎప్పుడు పోవల్ల?"

"పన్నెండుకి వ్యాను ఎక్కాలి. తినకుండా పోతే ఈ సంబంధం సంగతి నేను చెప్పలేను. ముందొకటి అలాగే పోయింది."

అతను మారెక్క వంక చూశాడు. ఆవిడ అప్పటికే లేచి బొరుగుల మూట లాగుతోంది. "ఇడ్లీలు పెడితే పొద్దెక్కుతాది. ఉగ్గాని చేస్తాం. మిరపకాయ బజ్జీలు రెండు వాయిలు" అంది. బొరుగులంటే మా మరమరాలే, నీళ్ళలో ముంచి పిండి, తిరగమోతలో వేసి పుట్నాల పొడి చల్లడం ఎంతసేపు? వాళ్ళ కుర్రాళ్ళు బియ్యం కడిగారు, పప్పు ఎక్కించారు. ఉరుకుందప్ప రెండు పొయ్యిలు చాలక మూడోది వెలిగించాడు. ఉగ్గాని వెళ్ళే బండిలోనే సుధాకర్‌ని ఎక్కించి, వడ్డించమని పంపేశాను. కారు నాకు ఉండనిచ్చాడు, డ్రైవరు లేకుండా. తెలివి అంతే.

"కూరలు, పప్పు, సాంబారు, అన్నం పదకొండుకి ఐతాయి" అన్నాడు ఉరుకుందప్ప. "ఓళిగలు కావు. నూటయాభై మందికి ఒక్కొక్కటి తట్టి పెనం మీద కాల్చల్ల. చక్కెర వేసి ఏదైనా గబగబా చేసేదా?"

నిశ్చితార్థానికి గబగబా చేసిన తీపి పెడితే వియ్యపురాలు పెళ్ళయ్యే వరకూ చెప్తుంది, అయ్యాక కూడా చెప్తుంది. నేను షెడ్డంతా చూశాను. ఇటు పూర్ణం ముద్ద. అటు ఎవరికీ అక్కర్లేకుండా మిగిలిపోయిన ఇడ్లీ పిండి.

"ఆ పిండిలో సోడా వేశావా?"

"ఇంకా లేదమ్మా."

"వేయకు. మైదా రెండు గుప్పెళ్ళు కలుపు. మారెక్కా, ఆ పూర్ణం ఉండలు చెయ్యి. పిండిలో ముంచి నూనెలో వెయ్యి. బూరెలంటారు మా వైపు."

మారెక్క ఒక ఉండ ముంచి వదిలింది. అది మూకుట్లో పగిలి నల్లగా చెదిరింది. ఆవిడ నా వంక చూసింది.

"పిండి పల్చనైంది. ఇంకో గుప్పెడు. నా మొహం మీద లేదు మైదా, డబ్బాలో ఉంది" అన్నాను. రెండోది గుండ్రంగా పైకి తేలింది. నేను కొంగు బిగించి పట్టుచీరతోనే ఉండలు చేయడానికి కూర్చున్నాను.

తాంబూలాలు మార్చుకున్నప్పుడు నేను లేను. అందరూ అడిగారట, ముసలమ్మ ఏదని. వంట చూసుకుంటోందని సుధాకర్ చెప్పాడట. పుట్టాక వాడు చెప్పిన సరైన మాట అదొక్కటే.

పదకొండు దాటాక భోజనాల బండి వెనక గిన్నెల మధ్య కూర్చుని ఇంటికొచ్చాను. విస్తళ్ళు వేసి ఉన్నాయి. పెళ్ళికొడుకు చేతి గడియారం చూసుకుంటూ అరుగు దగ్గర నిలబడ్డాడు, చెప్పుల్లో ఒక కాలు పెట్టి.

"ఆ కాలు తియ్యి నాయనా. ముందు కూర్చో" అన్నాను.

కూర్చున్నాడు. అతని పక్కన అందరూ కూర్చున్నారు. అన్నం పొగలు కక్కుతోంది. ఉరుకుందప్పే పప్పు వడ్డించాడు, నేను బూరెలు. వియ్యపురాలు ఒకటి విరిచి నెయ్యి వేయించుకుంది. "పైన కొంచెం బరకగా ఉంది మాణిక్యమ్మగారూ."

"మా ఊళ్ళో ఇప్పుడు ఇలాగే చేస్తున్నారు" అన్నాను. ఉరుకుందప్ప సాంబారు బకెట్టు పట్టుకుని అటు తిరిగాడు. అతని భుజాలు నవ్వుతో ఊగుతున్నాయి.

పెళ్ళికొడుకు మూడు బూరెలు తిన్నాడు. మజ్జిగ పోయించుకున్నాడు. చేయి కడుక్కుని, గదిలోకి చూసి ప్రసన్నకి చెప్పి మరీ వెళ్ళాడు. వ్యాను మలుపు తిరిగాక పిల్ల బయటకొచ్చింది. నా చీర మీద మైదా చూసింది. తన కొంగుతో దులిపింది.

సాయంత్రం గిన్నెలకి వచ్చినప్పుడు ఉరుకుందప్ప గుమ్మం దగ్గరే ఆగాడు. "మాణిక్యమ్మా, తప్పు నాదే అని ఊళ్ళో చెప్తాండావంట."

"మరి ఎవరిది?"

"సరే, నాదే. పెండ్లి ఊట నాకేనా?"

"నీకే. కానీ బూరెలు పెట్టాలి. ఓళిగలు వద్దంది వియ్యపురాలు."

ఇప్పుడు మా క్యాంపులో ఎవరు ఫోను చేసినా అతను మొదట ఒకటే అడుగుతాడు. "పొద్దుటి తిండినా, ఆకేసే తిండినా?" కొందరికి విసుగు. నాకూ విసుగే. కానీ సమాధానం పూర్తిగా చెప్పిన తరవాతే ఫోను పెడుతున్నాను.